గర్భిణికి నైట్ షిఫ్ట్, గంటల తరబడి నిలబడే పని వద్దని కంపెనీకి డాక్టర్ లెటర్: ఎలా రాయించుకోవాలి, ఎలా ఇవ్వాలి

అనంతపురం వైపు ఒక ఫ్యాక్టరీలో హెచ్ఆర్‌లో పనిచేస్తాను. కడుపుతో ఉన్న అమ్మాయిలు తెచ్చే డాక్టర్ లెటర్లు మొదట వచ్చేది నా టేబుల్ మీదకే. వాటిలో చాలావరకు ప్రిస్క్రిప్షన్ కాగితం మీద రెండే ముక్కలు ఉంటాయి: "గర్భవతి. రెస్ట్ అవసరం." డాక్టర్ గారు మంచి మనసుతోనే రాస్తారు. కానీ ఆ కాగితం చూడగానే షిఫ్ట్ ఇన్‌చార్జ్ అనే మాట ఒకటే: "రెస్ట్ అని రాసినారు కదమ్మా, అయితే ఇంటికి పోయి పండుకో." అంటే జీతం లేని సెలవు. ఆ అమ్మాయి అడిగింది సెలవు కాదు, రాత్రి పని, నిలబడే పని తప్పించి మిగతా పని ఇవ్వమని. లెటర్‌లో ఆ మాట లేకపోవడం వల్ల ఉద్యోగమే ఆగిపోయే పరిస్థితి వస్తుంది.

కాబట్టి ఈ లెటర్‌లో ఉండాల్సిన అసలు వాక్యం "ఈమె పని చేయగలదు" అన్నది. ఆ తర్వాతే ఏ పని వద్దు, ఎంతసేపు వద్దు, ఎప్పటిదాకా వద్దు అన్న వివరాలు. కింద చెప్పేదంతా ఈ వాక్యం చుట్టూనే ఉంటుంది.

డాక్టర్ దగ్గరికి పోయే ముందు: మీ పనిని ఒక కాగితం మీద పెట్టండి

డాక్టర్‌కి మీ కడుపులో బిడ్డ సంగతి తెలుసు, మీ లైన్ సంగతి తెలియదు. "ఫ్యాక్టరీలో పని మేడం" అంటే ఆవిడ కుర్చీలో కూర్చుని చేసే పని అనుకోవచ్చు, బస్తాలు మోసే పని అనుకోవచ్చు. ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు, ఆ టైంలో ఇదంతా వివరించడం కుదరదు. అందుకే ముందే రాసుకోండి: ఏ షిఫ్ట్ ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఎన్ని రోజులకి షిఫ్ట్ మారుతుంది, వరుసగా ఎంతసేపు నిలబడతారు, కూర్చోడానికి స్టూల్ ఉందా, బ్రేక్ ఎప్పుడు, ఎన్ని కేజీలు ఎత్తుతారు, బస్సు ఎక్కి ఇంటికి చేరేసరికి ఎంతవుతుంది.

ఒక కేసు తీసుకుని చివరిదాకా చూద్దాం. పెనుకొండ వైపు ఊర్ల నుంచి కంపెనీ బస్సులో వచ్చే ఒక అమ్మాయి అనుకోండి, పని ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర. ఏ షిఫ్ట్ ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2, బి షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10, సి షిఫ్ట్ రాత్రి 10 నుంచి ఉదయం 6, వారానికోసారి మారుతుంది. ఎనిమిది గంటల షిఫ్ట్‌లో భోజనానికి అరగంట, టీకి రెండుసార్లు పది నిమిషాలు తప్పితే మిగతాదంతా నిలబడే. టేబుల్ ఎత్తు నిలబడి చూసేవాళ్ళ కోసం పెట్టింది, స్టూల్ వేసినా చెయ్యి అందదు. ఈ చివరి ముక్క చిన్నదిగా కనిపిస్తుంది కానీ తర్వాత చాలా పనికొస్తుంది, ఎందుకంటే "స్టూల్ ఇచ్చినాం కదా" అని కంపెనీ అన్నప్పుడు ఎత్తు సరిపోదని ముందే రాసి ఉంటుంది.

తేదీలు: చట్టం ఎక్కడి నుంచి మొదలవుతుంది, డాక్టర్ మాట ఎక్కడ కావాలి

మన అమ్మాయికి చివరి నెలసరి మొదటి రోజు 2026 ఫిబ్రవరి 13. దానికి 280 రోజులు కలిపితే కాన్పు తేదీ నవంబర్ 20. మొదటి నెలల్లో తీసిన స్కాన్‌లో వేరే తేదీ వచ్చి ఉంటే డాక్టర్ ఏది ఖాయం చేశారో అదొక్కటే అన్ని కాగితాల్లో వాడండి. లెటర్‌లో ఒక తేదీ, సెలవు దరఖాస్తులో ఇంకో తేదీ ఉంటే మాలాంటి వాళ్ళం ఫైల్ అక్కడే ఆపి సరి చేసుకురమ్మంటాం.

1961 ప్రసూతి ప్రయోజన చట్టం సెక్షన్ 4 ఒక మాట చెప్పేది: గర్భిణి తనంతట తాను అడిగితే, శ్రమ ఎక్కువుండే పని, గంటల తరబడి నిలబడే పని, గర్భానికి గానీ బిడ్డ ఎదుగుదలకి గానీ ఇబ్బంది తెచ్చే పని యజమాని ఆమెతో చేయించకూడదు. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో ఇదే మాట సెక్షన్ 59లో ఉంది. అయితే ఈ రక్షణ తొమ్మిది నెలలకీ కాదు. కాన్పు తేదీకి ముందున్న ఆరు వారాలు, దానికి ముందు ఇంకో నెల, అంతే. ఆ ఆరు వారాల్లో కూడా సెలవు పెట్టకుండా పనికి వచ్చే రోజులకే ఇది వర్తిస్తుంది.

లెక్క వేద్దాం. నవంబర్ 20 నుంచి ఆరు వారాలు వెనక్కి పోతే అక్టోబర్ 9, ఇంకో నెల వెనక్కి పోతే సెప్టెంబర్ 9. అంటే సెప్టెంబర్ 9 నుంచి చట్టమే ఆమె పక్కన నిలబడుతుంది, అప్పటికి ఆమెకి దాదాపు 30 వారాలు. కానీ ఆమెకి కాళ్ళ వాపులు, నడుం నొప్పి మొదలై డాక్టర్ దగ్గరికి వచ్చింది జూలై 10న, 21 వారాలప్పుడు. జూలై 10 నుంచి సెప్టెంబర్ 9 దాకా ఉన్న ఈ రెండు నెలలే అసలు ఇబ్బంది. ఆ సెక్షన్ ఇంకా మొదలు కాలేదు, కంపెనీ కాదనే వీలు ఉంది. ఆ ఖాళీలో పనిచేసేది డాక్టర్ లెటర్ ఒక్కటే. ఎందుకంటే డాక్టర్ సలహా రాతపూర్వకంగా చేతికొచ్చాక కూడా నైట్ వేసి, తర్వాత ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదో ఏ మేనేజర్‌కైనా తెలుసు. గట్టిగా రాసిన లెటర్‌ని ఊరికే పక్కన పెట్టడానికి వెనకాడేది అందుకే.

డాక్టర్‌ని ఏమని అడగాలి

మిమ్మల్ని మొదటి నుంచీ చూస్తున్న గైనకాలజిస్ట్ అయితే మంచిది, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ రాసినా చెల్లుతుంది. ఊర్లో ఆర్ఎంపీ రాసింది చెల్లదు, ఆశా అక్క, ఏఎన్ఎం రాసిందీ చెల్లదు, వాళ్ళు ఎంత బాగా చూసుకుంటున్నా సరే. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న డాక్టరే కావాలి, ఆ నంబర్ లెటర్ మీద కనిపించాలి. డాక్టర్ల వృత్తి నియమాల ప్రకారం సర్టిఫికెట్ మీద రిజిస్ట్రేషన్ నంబర్ వేయాలి, పేషెంట్ సంతకం లేదా వేలిముద్ర, ఒంటి మీద ఒక గుర్తు, అంటే పుట్టుమచ్చ లాంటిది, రాయాలి, ఒక కాపీ తమ దగ్గర ఉంచుకోవాలి. ఆ కాపీ ఉంటే రేపు "ఇది మీరే రాశారా" అని కంపెనీ ఫోన్ చేసినప్పుడు క్లినిక్‌లో రికార్డు దొరుకుతుంది. హడావిడిలో ఇవి మర్చిపోతుంటారు, మర్యాదగా గుర్తు చేస్తే ఎవరూ ఏమనుకోరు.

మాట ఇలా మొదలుపెట్టండి: "మేడం, నాకు సెలవు వద్దు. పని చేస్తాను. రాత్రి షిఫ్ట్, ఎక్కువసేపు నిలబడటం తగ్గించమని కంపెనీకి లెటర్ కావాలి. నా పని వివరాలు ఇందులో రాసుకొచ్చాను." తర్వాత ఆ కాగితం చేతిలో పెట్టండి.

ఇక్కడ ఒక సంగతి. మామూలుగా సాగుతున్న గర్భంలో రాత్రి పని చేస్తే తప్పకుండా ఏదో జరిగిపోతుందని ఏ డాక్టరూ రాయరు, రాయకూడదు కూడా. డెన్మార్క్‌లో జరిగిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ఎనిమిదో వారం దాటాక ఒక వారంలో రెండు లేదా అంతకంటే ఎక్కువ నైట్‌లు చేసినవాళ్ళలో ఆ తర్వాతి వారం గర్భస్రావం అయ్యే అవకాశం, నైట్ చేయనివాళ్ళతో పోలిస్తే దాదాపు మూడో వంతు ఎక్కువగా కనిపించింది. అసలు అవకాశమే తక్కువ కాబట్టి ఈ పెరుగుదల చూసి భయపడనక్కర్లేదు, కానీ తప్పించే వీలున్నప్పుడు తప్పించమని సలహా ఇవ్వడానికి సరిపోతుంది. నిలబడటం సంగతి ఇంకొంచెం సూటిగా అర్థమవుతుంది. కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచిపోతుంది, పెరిగిన గర్భసంచి పెద్ద సిరను నొక్కడం వల్ల అది పైకి రావడం ఇంకా కష్టమవుతుంది, కాళ్ళు వాచి కళ్ళు తిరుగుతాయి. రోజూ గంటల తరబడి నిలబడే ఉద్యోగాలకీ నెలలు నిండకముందే కాన్పులు కావడానికీ కొంత సంబంధం ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఇంతకుముందు నెలలు తక్కువ కాన్పు అయినవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, కవలలు మోస్తున్నవాళ్ళ విషయంలో డాక్టర్ ఇంకా కచ్చితంగా రాస్తారు. అందుకే మీ పాత కాన్పు సంగతులు దాచకుండా చెప్పండి.

లెటర్‌లో మాటలు

డాక్టర్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లో రాస్తారు, ఫర్వాలేదు, విషయం ఇదే ఉండాలి. మన కేసులో లెటర్ ఇలా వస్తే సరిపోతుంది:

> తేదీ: 10-07-2026. పేషెంట్ సంతకం, ఒంటి మీద గుర్తు: ...
>
> సంబంధిత అధికారికి,
>
> పైన గుర్తు, సంతకం ఉన్న శ్రీమతి (పేరు, ఎంప్లాయీ నంబర్) నా వద్ద ప్రసవపూర్వ వైద్యం పొందుతున్నారు. ఈ రోజుకి ఆమెకు 21 వారాల గర్భం. కాన్పు అంచనా తేదీ 20-11-2026.
>
> ఆమె పని చేయడానికి ఆరోగ్యంగా ఉన్నారు. ఈ కింది మార్పులతో ఉద్యోగంలో కొనసాగవచ్చు:
>
> రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల మధ్య ఏ సమయంలోనూ పని ఇవ్వరాదు.
>
> వరుసగా 30 నిమిషాలకు మించి నిలబడే పని ఇవ్వరాదు. షిఫ్ట్ మొత్తంలో నిలబడే సమయం 3 గంటలు దాటరాదు. పని ఎత్తుకు సరిపడే, వీపు ఆనించుకునే కుర్చీ ఇవ్వాలి.
>
> ఈ మార్పులు ఈ రోజు నుంచి ఆమె ప్రసూతి సెలవు మొదలయ్యే వరకు అమలులో ఉండాలి. తర్వాతి పరీక్ష 07-08-2026. మార్పులు అవసరమైతే మళ్ళీ రాసి ఇస్తాను. కొత్త లెటర్ ఇచ్చే వరకు ఈ సలహాయే వర్తిస్తుంది.
>
> (డాక్టర్ సంతకం, పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ నంబర్, ముద్ర, ఫోన్)

అంకెలు డాక్టర్ మీ ఒంటి పరిస్థితిని బట్టి వేస్తారు. 30 నిమిషాలు, 3 గంటలు అన్నవి ఈ కేసుకి మాత్రమే, ఇదేమీ అందరికీ రూల్ కాదు. అంకె అంటూ ఒకటి ఉండటం ముఖ్యం. "ఎక్కువసేపు నిలబడరాదు" అని రాస్తే ఎక్కువ అంటే ఎంతో సూపర్‌వైజర్ తేలుస్తాడు. "లైట్ వర్క్ ఇవ్వగలరు" అని రాస్తే ఇంకా కష్టం. మా దగ్గర అలాంటి లెటర్‌కి లేబుల్ అంటించే పని ఇచ్చారు, బరువు లేదు కాబట్టి లైటే కదా అని. ఆ పని కూడా ఎనిమిది గంటలూ నిలబడే చేయాలి.

"నైట్ షిఫ్ట్ వద్దు" అన్న మాటకీ ఇదే గతి. కంపెనీ సి షిఫ్ట్ తీసేసి బి షిఫ్ట్ వేస్తుంది, అది రాత్రి 10కి అయిపోతుంది, బస్సు ఊరూరూ తిరిగి ఈ అమ్మాయిని దించేసరికి పదకొండున్నర, తిని పడుకునేసరికి ఒంటిగంట. పేరుకి అది నైట్ షిఫ్ట్ కాదు. అందుకే షిఫ్ట్ పేరు కాకుండా గంటలు రాయించాలి. రాత్రి 9 అని రాసి ఉంటే బి షిఫ్ట్ కూడా పూర్తిగా వేయలేరు, ఉదయం 6కి మొదలయ్యే షిఫ్ట్ గానీ పగటి జనరల్ షిఫ్ట్ గానీ ఇవ్వాల్సిందే.

చెల్లుబాటు వాక్యం దగ్గర కూడా జాగ్రత్త. చాలామంది డాక్టర్లు అలవాటుగా "ఒక నెల" అని వేస్తారు. ఆ నెల అయిపోయిన మర్నాడే రోస్టర్‌లో మళ్ళీ సి షిఫ్ట్ పడుతుంది, ఎవరో కావాలని చేసింది కాదు, సిస్టమ్‌లో తేదీ దాటగానే పాత రొటేషన్ తిరిగి వచ్చేస్తుంది. అందుకే పై లెటర్‌లో "సెలవు మొదలయ్యే వరకు" అని ఉంది.

జబ్బు పేరు రాయనక్కర్లేదు. కాన్పు తేదీ, వద్దన్న పనులు, గడువు ఇవి చాలు. కొంతమంది భయంతో మాతా శిశు రక్షణ కార్డు మొత్తం జిరాక్స్ తీసి ఇచ్చేస్తారు. అందులో మీ రక్త పరీక్షలు, పాత కాన్పుల చరిత్ర అంతా ఉంటుంది, ఫైల్ పది చేతులు మారుతుంది. స్కాన్ రిపోర్టు కూడా అంతే. అడిగితే "డాక్టర్ లెటర్ ఇచ్చాను సార్, అనుమానం ఉంటే డాక్టర్ గారికి ఫోన్ చేసి లెటర్ నిజమో కాదో కనుక్కోండి" అనండి.

ఇచ్చే పద్ధతి

చట్టంలో "ఆమె అడిగితే" అని ఉందని పైన చెప్పాను. అంటే డాక్టర్ లెటర్ ఒక్కటే ఇస్తే సరిపోదు, మీ పేరుతో మీ సంతకంతో దరఖాస్తు ఉండాలి. నాలుగు లైన్లు చాలు:

> "నేను గర్భవతిని. కాన్పు అంచనా తేదీ 20-11-2026. డాక్టర్ సలహా లెటర్ జతపరుస్తున్నాను. దాని ప్రకారం ఈ రోజు నుంచి నాకు పగటి షిఫ్ట్, కూర్చుని చేసే పని ఇవ్వమని కోరుతున్నాను. 09-09-2026 నుంచి సామాజిక భద్రత కోడ్ సెక్షన్ 59 కింద కూడా ఇదే నా అభ్యర్థనగా తీసుకోగలరు. నేను సెలవు కోరడం లేదు, పనికి సిద్ధంగా ఉన్నాను."

సెప్టెంబర్ తేదీ ఇప్పుడే వేసేస్తే అప్పుడు మళ్ళీ గుర్తుపెట్టుకుని అడగనక్కర్లేదు. చివరి వాక్యం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలొద్దు.

లెటర్ ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకుని, జిరాక్స్ జతచేసి, ఒరిజినల్ చూపించండి. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ఇన్‌వర్డ్ స్టాంప్, తేదీ వేయించుకోండి. స్టాంప్ వేయం అంటే గొడవ పడకుండా అక్కడి నుంచి బయటికొచ్చి, అదే రోజు హెచ్ఆర్ ఈమెయిల్‌కి ఫోటోలు పంపండి. సూపర్‌వైజర్ వాట్సాప్‌కి కూడా పంపొచ్చు, కానీ దాన్నే నమ్ముకోవద్దు, ఆయన ఫోన్ మారితే మీ సాక్ష్యం పోతుంది. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్ళు ఒక కాపీ కాంట్రాక్టర్‌కి, ఒకటి కంపెనీకి ఇవ్వాలి. లేదంటే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు.

"అట్లాంటి పని మా దగ్గర లేదు, సెలవు పెట్టుకో" అంటే

ఎక్కువగా వినిపించే జవాబు ఇదే. నోటిమాటగా చెప్తే రాతలో ఇవ్వమని అడగండి. చాలాసార్లు అక్కడే మెత్తబడతారు, ఎందుకంటే కాగితం మీద అది రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఒప్పుకునే ముందు ఒక లెక్క చూసుకోండి. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాలు, కానీ అందులో కాన్పుకి ముందు వాడుకోగలిగేది 8 వారాలే. మన అమ్మాయికి ఆ ఎనిమిది వారాలు మొదలయ్యేది సెప్టెంబర్ 25న. జూలైలోనే ఇంటికి పంపిస్తే మధ్యలో పదకొండు వారాలు జీతం ఉండదు. "ప్రసూతి సెలవు ఇప్పుడే మొదలుపెట్టేస్తాం" అని ఎవరైనా అంటే అది కుదరదని దీన్ని బట్టి మీకే తెలుస్తుంది.

మీరే ముందు ఒక పని చూపిస్తే దారి దొరుకుతుంది. రికార్డు ఎంట్రీ, శాంపిల్ లెక్కలు, స్టోర్ ఇష్యూ రిజిస్టర్, ట్రైనింగ్ సెక్షన్, ఇలా కూర్చుని చేసేవి ప్రతి చోటా ఏవో ఉంటాయి. ఈ కేసులో అయితే టేబుల్ ఎత్తుకి తగ్గ ఎత్తైన కుర్చీ ఒకటి తెప్పిస్తే పని మార్చే అవసరమే లేదు. ఇన్‌చార్జ్‌తో "అన్నా, ఈ కుర్చీ వస్తే నా టార్గెట్ నేనే చేస్తా" అని చెప్పుకోగలిగితే సగం టెన్షన్ పోతుంది, ఆయన భయమంతా ప్రొడక్షన్ పడిపోతుందనే కదా.

జీతం విషయం. ఇలా పని మార్చినందుకు రోజువారీ మామూలు జీతం కోయకూడదని 1961 చట్టం సెక్షన్ 13 చెప్పేది, ఇప్పుడు అదే మాట సామాజిక భద్రత కోడ్ సెక్షన్ 69లో ఉంది. నైట్ చేసిన రోజుకి ఇచ్చే అలవెన్స్ మాత్రం నైట్ చేయకపోతే ఆపేస్తుంటారు. అందుకే మీ బేసిక్, అటెండెన్స్ బోనస్ తగ్గవని ఆర్డర్‌లోనే రాయించుకోండి. ఈఎస్ఐ కోత పడేవాళ్ళకి ప్రసూతి డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది కాబట్టి ఆ కార్డు, కాన్పు తేదీ కాగితాలు డిస్పెన్సరీలో కూడా చూపించి పెట్టుకోండి. అక్కడి డాక్టర్ చేతే ఈ లెటర్ రాయించుకుంటే ఇంకా సులువు.

దరఖాస్తు ఇచ్చి వారం దాటినా రోస్టర్ మారకపోతే, స్టాంప్ పడిన కాపీ, లెటర్ జిరాక్స్, ఆ వారం రోస్టర్ ఫోటో పట్టుకుని లేబర్ ఆఫీస్‌కి వెళ్ళండి. అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ నుంచి ఒక్క ఫోన్ వస్తే పని అయిపోయిన సందర్భాలు నేను ఈ కుర్చీలో కూర్చునే చూశాను.

లెటర్ చేతిలో ఉంది కదా అని ఒంటి సంగతి పక్కన పెట్టొద్దు. రక్తం కనిపించినా, నీరు పోతున్నట్టు అనిపించినా, నెలలు నిండకముందే ఆగి ఆగి నొప్పులు వస్తున్నా, తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ కదలికలు తగ్గినా షిఫ్ట్ అయ్యేదాకా ఆగకుండా అక్కడి నుంచే 108కి ఫోన్ చేయించండి. ఆగస్టు 7 పరీక్షలో డాక్టర్ నిలబడే సమయం ఇంకా తగ్గించమంటే కొత్త లెటర్ తీసుకుని, మళ్ళీ రెండు కాపీలు, మళ్ళీ స్టాంప్.